నెల మధ్యలో కస్టమర్ ప్లాన్ పెంచుకుంటే బిల్లు ఎలా లెక్కేయాలి

వరంగల్‌లో ట్యూషన్ సెంటర్ నడిపే ఒక కస్టమర్ జులై ఒకటో తారీఖు పొద్దున్నే నాకు ఫోన్ చేశారు. "నెలకి 1500 ప్లస్ జీఎస్‌టీ అన్నారు కదండీ, 2455 రూపాయల 87 పైసలు బిల్లు పంపారేంటి?" అని అడిగారు. గొంతులో కోపం కన్నా అనుమానమే ఎక్కువ వినిపించింది, నాకు అదే ఎక్కువ బాధనిపించింది. లెక్క తప్పు కాదు, పైసలతో సహా సరిగ్గానే ఉంది. ఆయన జూన్ 11న చిన్న ప్లాన్ నుంచి పెద్ద ప్లాన్‌కి మారారు, ఆ మిగిలిన రోజుల తేడాని మేము అప్పుడు అడగకుండా జులై బిల్లులో కలిపేశాం. మారిన రోజు స్క్రీన్ మీద ఆయనకి ఆ మాట ఎక్కడా చెప్పలేదు. ఆ ఫోన్ కాల్ తర్వాత మా అప్‌గ్రేడ్ లెక్క మొత్తాన్ని మొదటి నుంచి చూసుకున్నాను. మీరు నెలవారీ చందా మీద ఏదైనా అమ్ముతూ ఉంటే, సాఫ్ట్‌వేర్ కావచ్చు, ఆన్‌లైన్ క్లాసులు కావచ్చు, ఆ లెక్కని ఎలా కట్టాలో వరసగా చెప్తాను.

ముందు అసలు విషయం. దీన్ని బిల్లింగ్‌లో ప్రొరేషన్ అంటారు, మన మాటల్లో దామాషా లెక్క. ఇల్లు అద్దెకి తీసుకున్నవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. కింద సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్‌కి ఒకటో తారీఖున నెల అద్దె కట్టేశారు, పదకొండో తారీఖున అదే ఓనర్ దగ్గర పైన డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్‌లోకి మారారు. అప్పుడు ఓనరుతో కూర్చుని ఏం మాట్లాడుకుంటారు? కింద పోర్షన్‌లో మీరు ఉండని ఇరవై రోజుల అద్దె మీకు వెనక్కి రావాలి, పై పోర్షన్‌లో ఉండబోయే ఇరవై రోజుల అద్దె మీరు ఇవ్వాలి, ఈ రెంటికీ మధ్య తేడా కడితే సరిపోతుంది. ప్రొరేషన్ అంటే అంతే. రెండు ముక్కలు: వాడని పాత ప్లాన్‌కి క్రెడిట్, వాడబోయే కొత్త ప్లాన్‌కి చార్జ్. లెక్కలో ఎక్కడ తికమక పడ్డా ఈ రెండు ముక్కల దగ్గరికి తిరిగి రండి, దారి దొరుకుతుంది.

1. మొదట గుండ్రటి అంకెలతో ఒకసారి చేతితో లెక్కేయండి

పాత ప్లాన్ నెలకి 600, కొత్త ప్లాన్ నెలకి 1500 అనుకుందాం. రెండూ జీఎస్‌టీ కలపక ముందు ధరలే. బిల్లింగ్ సైకిల్ జూన్ 1 నుంచి జూన్ 30 వరకు, ముప్ఫై రోజులు. కస్టమర్ జూన్ 11న మారారు. పాత ప్లాన్‌లో పది రోజులు గడిచాయి, ఇంకా ఇరవై మిగిలాయి.

క్రెడిట్: 600లో ముప్ఫైకి ఇరవై వంతు, అంటే 400.
చార్జ్: 1500లో ముప్ఫైకి ఇరవై వంతు, అంటే 1000.
కట్టాల్సింది: 600, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 108, మొత్తం 708.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది, రెండు ప్లాన్ల ధరల తేడా 900 కాబట్టి 900 కట్టమంటారు. అలా చేస్తే కస్టమర్ అప్పటికే గడిచిపోయిన పది రోజులకి కూడా పెద్ద ప్లాన్ ధర ఇచ్చినట్టవుతుంది, ఆ పది రోజులూ ఆయన వాడింది చిన్న ప్లానే కదా.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోడానికి నేను వాడే పద్ధతి చాలా సులువు: రోజుల వారీగా కూడండి. పాత ప్లాన్ రోజుకి 20 రూపాయలు, పది రోజులకి 200. కొత్త ప్లాన్ రోజుకి 50, ఇరవై రోజులకి 1000. మొత్తం 1200. కస్టమర్ జేబులోంచి వెళ్లింది ఒకటో తారీఖున 600, పదకొండున 600, అది కూడా 1200. రెండూ సరిపోయాయి. ఈ కూడిక సరిపోకపోతే మీ కోడ్ ఎంత అందంగా ఉన్నా తప్పే. ఇదే తనిఖీ కింద ఇంకోసారి పనికొస్తుంది.

2. రోజులా, సెకన్లా అన్నది ముందే తేల్చుకోండి

రోజుల లెక్క మనుషులకి అర్థమవుతుంది, కానీ వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: మారిన రోజు ఎవరి ఖాతాలోకి? పైన లెక్కలో నేను పదకొండో తారీఖుని కొత్త ప్లాన్‌కి వేశాను. రాత్రి పదకొండు గంటలకి మారిన మనిషి కూడా ఆ రోజు మొత్తానికి పెద్ద ప్లాన్ ధర ఇవ్వాల్సి వస్తుంది. ఆ రోజుని పాత ప్లాన్‌కి వేస్తే పొద్దున ఆరింటికి మారినవాళ్లు రోజంతా పెద్ద ప్లాన్‌ని పాత ధరకి వాడుకుంటారు. రెండిట్లో ఏదైనా ఫర్వాలేదు, కానీ ఒకటే ఎంచుకుని దాన్ని రాసిపెట్టండి.

స్ట్రైప్ లాంటి బిల్లింగ్ సిస్టమ్‌లు సెకన్లలో లెక్కేస్తాయి, అందుకే అక్కడ ఈ తగువే రాదు. మా వరంగల్ కస్టమర్ మారింది మధ్యాహ్నం మూడు గంటలకి. అప్పటికి పది రోజుల పదిహేను గంటలు గడిచాయి, పంతొమ్మిది రోజుల తొమ్మిది గంటలు మిగిలాయి. సెకన్లలో చెప్పాలంటే మొత్తం 25,92,000లో మిగిలినవి 16,74,000. క్రెడిట్ 387.50, చార్జ్ 968.75, తేడా 581.25.

సొంతంగా కోడ్ రాసుకునేవాళ్లు రూపాయల్ని దశాంశాల్లో పెట్టుకోకండి, పైసల్లో పూర్ణ సంఖ్యలుగా పెట్టుకోండి:

```python
def share(paise, left, total):
    return (paise * left + total // 2) // total

total = period_end - period_start    # 2592000
left = period_end - proration_date   # 1674000
credit = share(60000, left, total)   # 38750
charge = share(150000, left, total)  # 96875
net = charge - credit                # 58125
```

క్రెడిట్, చార్జ్ విడివిడిగా రౌండ్ చేసి ఆ తర్వాతే తీసివేయండి. ఎందుకంటే ఇన్‌వాయిస్ మీద అవి రెండు లైన్లుగా కనిపిస్తాయి, కస్టమర్ క్యాలిక్యులేటర్ తీసి కూడితే కింద ఉన్న మొత్తంతో సరిపోవాలి. ముందే తేడా తీసి రౌండ్ చేస్తే అప్పుడప్పుడు ఒక పైసా అటూ ఇటూ అవుతుంది. పైసాకి ఎవరూ కొట్లాడరు, నిజమే, కానీ అకౌంట్స్ చూసేవాళ్లకి నెలాఖరున ఆ పైసా ఎక్కడిదో వెతకడం పెద్ద టెన్షన్.

రోజుల పద్ధతి ఎంచుకున్నవాళ్లు టైమ్ జోన్ విషయంలో జాగ్రత్త పడాలి. సర్వర్లు మామూలుగా యూటీసీలో ఉంటాయి, మన టైమ్ దానికన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది. జూన్ 11 తెల్లవారుజామున మూడింటికి ఒకరు అప్‌గ్రేడ్ నొక్కితే సర్వర్ దృష్టిలో అది ఇంకా జూన్ 10 రాత్రి తొమ్మిదిన్నరే. తారీఖుల్ని మాత్రమే తీసివేసే కోడ్ అయితే ఒక రోజు ఎక్కువ చార్జ్ చేస్తుంది. పొద్దున అయిదున్నర లోపు మారినవాళ్ల బిల్లులే తప్పుతాయి కాబట్టి ఇది నెలల తరబడి ఎవరి కంటా పడదు. మీ పాత అప్‌గ్రేడ్‌లలో ఆ వేళకి జరిగినవి రెండు తీసి చేతితో లెక్కేసి చూడండి, ఉంటే అక్కడే దొరుకుతుంది.

3. కింద భాగించే సంఖ్య ఎప్పుడూ ఆ నెలదే కావాలి

"నెల అంటే ముప్ఫై" అని పెట్టేసుకోవడం జీతాల లెక్కలో అలవాటైపోయి ఇక్కడికి కూడా వచ్చేస్తుంది. 31 రోజుల నెలలో ఏమవుతుందో చూడండి. జులై ఒకటో తారీఖున సైకిల్ మొదలైన కాసేపటికే కస్టమర్ మనసు మార్చుకుని అప్‌గ్రేడ్ చేశారు. మిగిలినవి 31 రోజులు, మీరు భాగించేది ముప్ఫైతో, క్రెడిట్ 620 వస్తుంది. ఆయన కట్టిందే 600! కట్టినదానికన్నా ఎక్కువ వెనక్కి ఇస్తున్నారు. ఫిబ్రవరిలో దీనికి తలకిందులుగా అవుతుంది: 28 రోజుల నెలలో సరిగ్గా సగం అయ్యాక మారితే రావాల్సిన తేడా 450, ముప్ఫైతో భాగిస్తే 420 వస్తుంది, ముప్ఫై రూపాయలు మీకు పోతాయి.

కాబట్టి ఈ సైకిల్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగుస్తుంది, ఆ రెంటి మధ్య దూరమే భాగించే సంఖ్య. 31వ తారీఖున చేరినవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. జనవరి 31న చేరిన కస్టమర్ తర్వాతి బిల్లు ఫిబ్రవరి ఆఖరి రోజున వస్తుంది, మార్చిలో మళ్లీ 31కే రావాలి. మార్చిలో కూడా 28కే ఉండిపోయిందంటే, మొదట చేరిన తారీఖుని దాచుకోకుండా ముందు నెల తారీఖుకి ఒక నెల కలుపుతున్నారని అర్థం.

4. తేడాని ఎప్పుడు తీసుకోవాలి?

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం ఇదే, మేము దెబ్బ తిన్నది కూడా ఇక్కడే. స్ట్రైప్‌లో ఇది `proration_behavior` అనే ఒక్క సెట్టింగ్, దానికి మూడు విలువలు ఉంటాయి.

`create_prorations` పెడితే క్రెడిట్, చార్జ్ లైన్లు తయారవుతాయి కానీ డబ్బు వెంటనే అడగదు, తర్వాతి ఇన్‌వాయిస్‌లో కలుపుతుంది. మీరు ఏమీ చెప్పకపోతే జరిగేది ఇదే. మేము ఏమీ చెప్పలేదు. అందుకే వరంగల్ కస్టమర్ జులై బిల్లులో 1500, దానికి తోడు జూన్ తేడా 581.25, మొత్తం 2081.25, జీఎస్‌టీ కలిపితే 2455.87 వచ్చింది. బిల్లు మీద `Unused time on Basic after 11 Jun 2025` అని మైనస్‌లో ఒక లైన్, `Remaining time on Pro after 11 Jun 2025` అని ఇంకో లైన్ ఉన్నాయి, కానీ ట్యూషన్ సెంటర్ నడిపే మనిషికి అవి ఏం చెప్తాయి?

`always_invoice` పెడితే ఆ క్షణమే తేడాకి ఇన్‌వాయిస్ తయారై డబ్బు అడుగుతుంది. మా కస్టమర్‌కి జూన్ 11నే 581.25 ప్లస్ జీఎస్‌టీ, 685.87 కట్ అయ్యేది, జులై ఒకటిన అనుకున్నట్టే 1770. రెండూ కలిపితే అదే 2455.87. ఒక్క పైసా తేడా లేదు, కానీ ఆయన ఫోన్ చేసి ఉండేవారు కాదు.

`none` పెడితే మధ్యలో లెక్కే ఉండదు, ఈ నెల మిగతా రోజులు పెద్ద ప్లాన్‌ని పాత ధరకే వాడుకుంటారు, కొత్త ధర తర్వాతి సైకిల్ నుంచి పడుతుంది. ధరల తేడా చాలా తక్కువైతే ఇది మంచి పద్ధతే, మంచి పేరు కూడా వస్తుంది. తేడా ఎక్కువైతే మాత్రం ఇరవై తొమ్మిది రోజులు చిన్న ప్లాన్, ఒక రోజు పెద్ద ప్లాన్ వాడి పని కానిచ్చుకుని మళ్లీ కిందకి దిగేవాళ్లు మొదలవుతారు.

నా సలహా అయితే నెలవారీ ప్లాన్ పెంచుకునేటప్పుడు తేడాని అప్పుడే తీసుకోండి. కస్టమర్‌కి ఎందుకు కడుతున్నాడో తెలిసేది బటన్ నొక్కిన ఆ నిమిషంలోనే, మూడు వారాలు పోతే ఆయనకే గుర్తుండదు.

ఇంకో దారి కూడా ఉంది, మారిన రోజు నుంచే కొత్త నెల మొదలుపెట్టడం. అప్పుడు పూర్తి 1500లోంచి పాత క్రెడిట్ 387.50 తీసేసి 1112.50 తీసుకుంటారు, బిల్లు తారీఖు ఒకటి నుంచి పదకొండుకి మారిపోతుంది. స్ట్రైప్‌లో `billing_cycle_anchor` విలువని `now` చేస్తే ఇది జరుగుతుంది. నెలవారీ ప్లాన్ నుంచి సంవత్సరం ప్లాన్‌కి మారితే మీరు చెప్పకపోయినా తారీఖు ఇలా మారుతుంది, అది సహజం కూడా. మామూలు అప్‌గ్రేడ్‌కి మాత్రం నేను దీన్ని వాడను, ఒకటో తారీఖు బిల్లుకి అలవాటు పడినవాళ్లకి తారీఖు మారిపోతే చిరాకు.

5. నొక్కే ముందే అంకె చూపించండి

"అప్‌గ్రేడ్" బటన్ పక్కన "ఇప్పుడు కట్టాల్సింది రూ.685.87, జులై 1 నుంచి నెలకి రూ.1770" అని ఒక్క వాక్యం కనిపించాలి. ఈ అంకెని మీరు విడిగా లెక్కేయకండి, బిల్లు వేసే సిస్టమ్‌నే అడగండి. విడిగా లెక్కేస్తే ఎప్పుడో ఒకసారి రెండూ వేరువేరు అంకెలు చెప్తాయి. స్ట్రైప్‌లో ఇలా అడుగుతారు:

```
curl https://api.stripe.com/v1/invoices/create_preview \
  -u "sk_test_...:" \
  -d subscription=sub_... \
  -d "subscription_details[items][0][id]"=si_... \
  -d "subscription_details[items][0][price]"=price_... \
  -d "subscription_details[proration_behavior]"=always_invoice \
  -d "subscription_details[proration_date]"=1749634200
```

ఆఖరి లైన్‌లో ఉన్న `proration_date` 2025 జూన్ 11 మధ్యాహ్నం మూడు గంటలు, మన టైమ్. దీన్ని పంపడం మర్చిపోవద్దు, ఎందుకంటే లెక్క సెకన్లలో నడుస్తోంది కదా, కస్టమర్ ఆ స్క్రీన్ తెరిచి లోపలికి వెళ్లి కార్డు వెతుక్కుని అయిదు నిమిషాల తర్వాత నొక్కితే మన ఉదాహరణలో తేడా పది పైసలు తగ్గిపోతుంది. చూపించినది ఒకటి, కట్ అయినది ఇంకొకటి. ప్రివ్యూలో వాడిన టైమ్‌నే దాచిపెట్టుకుని అసలు మార్పు చేసేటప్పుడు కూడా అదే పంపండి, రెండు అంకెలూ ఒకటే వస్తాయి. స్క్రీన్ అలాగే వదిలేసి గంట తర్వాత వస్తే మాత్రం కొత్త టైమ్‌తో మళ్లీ ప్రివ్యూ చూపించండి.

6. డబ్బు వచ్చాకే పెద్ద ప్లాన్ తెరవండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ డబ్బు నిజంగా పోయేది ఇక్కడ. కస్టమర్ జూన్ 11న అప్‌గ్రేడ్ నొక్కారు, 600 రూపాయల తేడా ఇన్‌వాయిస్ తయారైంది, కార్డు ఫెయిల్ అయింది, అయినా మీ సిస్టమ్ ప్లాన్ మార్చేసింది. మర్నాడు ఆయన "వద్దులే" అనుకుని మళ్లీ చిన్న ప్లాన్‌కి వచ్చేశారు. ఇప్పుడు ప్రొరేషన్ ఏం చేస్తుంది? పెద్ద ప్లాన్‌లో మిగిలిన 19 రోజులకి 950 క్రెడిట్, చిన్న ప్లాన్‌కి 19 రోజులకి 380 చార్జ్, అంటే 570 రూపాయలు ఆయన ఖాతాలో జమ. ఆయన కట్టని డబ్బుకి మీరు క్రెడిట్ ఇచ్చారు. ఆ పాత ఇన్‌వాయిస్‌ని ఎవరో మంచి మనసుతో రద్దు చేశారా, ఆ 570 అచ్చంగా మీ నష్టం.

లెక్క కేవలం సమయాన్ని చూస్తుంది, కట్టారా లేదా అని చూడదు. అందుకే ప్లాన్ మార్పుని చెల్లింపుకి ముడిపెట్టాలి. స్ట్రైప్‌లో `payment_behavior` విలువగా `pending_if_incomplete` ఇస్తే డబ్బు వచ్చేదాకా పాత ప్లానే నడుస్తుంది. సొంత సిస్టమ్ అయితే "చెల్లింపు పూర్తయింది" అన్న కబురు పేమెంట్ గేట్‌వే నుంచి వచ్చాకే డేటాబేస్‌లో ప్లాన్ మార్చండి, బటన్ నొక్కగానే కాదు.

మన దేశంలో దీనికి ఇంకో కోణం ఉంది. కార్డు మీద ఆటోమేటిక్‌గా కట్ అయ్యే చెల్లింపులకి రిజర్వ్ బ్యాంకు ఈ-మ్యాండేట్ నిబంధనలు 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమలవుతున్నాయి. మ్యాండేట్ అంటే ఇలా డబ్బు కట్ చేసుకోడానికి కస్టమర్ ముందే ఇచ్చే అనుమతి. ఆ నిబంధనల ప్రకారం డబ్బు కట్ చేయడానికి కనీసం 24 గంటల ముందే కస్టమర్‌కి సమాచారం వెళ్లాలి. కాబట్టి "అప్‌గ్రేడ్ నొక్కారు, మ్యాండేట్ మీద ఇప్పుడే తేడా లాగేద్దాం" అంటే కుదరదు. ఆ తేడాని మామూలు చెల్లింపులాగా, కస్టమర్ ఎదురుగా ఉండగానే, ఓటీపీతోనో యూపీఐ పిన్‌తోనో తీసుకోండి. ఆయన స్క్రీన్ ముందే ఉన్నారు కాబట్టి ఇందులో ఇబ్బందేమీ లేదు.

మ్యాండేట్‌కి గరిష్ఠ మొత్తం ఒకటి ఉంటుంది, దాన్ని కూడా ఈ సందర్భంలోనే చూసుకోవాలి. చేరినప్పుడు 600 ప్లాన్ కదా అని గరిష్ఠం 708కే పెట్టి ఉంటే, జూన్‌లో తేడా చక్కగా వచ్చేసినా జులై ఒకటిన 1770 ఫెయిల్ అవుతుంది. అప్‌గ్రేడ్ వల్లే ఫెయిల్ అయిందని అప్పుడు ఎవరికీ తోచదు, కార్డులో డబ్బు లేదనుకుంటారు. అప్‌గ్రేడ్ తర్వాత వచ్చే మొదటి ఒకటో తారీఖునే ఫెయిల్యూర్లు గుంపుగా కనిపిస్తే మొదట దీన్నే అనుమానించండి. కొత్త మొత్తం గరిష్ఠం దాటుతుంటే అప్‌గ్రేడ్ స్క్రీన్‌లోనే కొత్త మ్యాండేట్ కూడా తీసుకోవాలి.

7. డిస్కౌంట్ ఉంటే, కట్టినదాని మీదే క్రెడిట్

ఒక కస్టమర్ సగం ధర కూపన్‌తో 600 ప్లాన్‌ని 300కి తీసుకున్నారు. జూన్ 11న మారితే క్రెడిట్ 400 కాదు, 200. ధరల పట్టిక చూసి 400 ఇచ్చేస్తే ఆయన కట్టని రెండొందలు మీరు ఇచ్చినట్టు. కూపన్ ఆ ఒక్క బిల్లుకేనా, కొత్త ప్లాన్‌కి కూడా వర్తిస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఒక్క బిల్లుకే అయితే 1000లోంచి 200 పోను 800 కట్టాలి. కొత్త ప్లాన్‌కి కూడా సగమే అయితే 500లోంచి 200 పోను 300. కూపన్ ఇచ్చే రోజే ఇది తేల్చుకోండి, మా దగ్గర కూపన్ పేజీలో ఇప్పుడు ఆ ఒక్క వాక్యం ఉంది, సపోర్ట్ కాల్స్‌లో "మీరే చెప్పారు కదా" అన్న వాదన ఆగిపోయింది.

8. ఒకే నెలలో రెండుసార్లు పెంచుకుంటే

జూన్ 11న 600 నుంచి 1500కి మారిన మనిషి, జూన్ 21న 3000 ప్లాన్‌కి మారారు. మళ్లీ గుండ్రటి రోజుల లెక్కతోనే చూద్దాం. పది రోజులు మిగిలాయి. క్రెడిట్ ఇవ్వాల్సింది ఇప్పుడు నడుస్తున్న 1500 ప్లాన్ మీద, అంటే 500. చార్జ్ 3000లో మూడో వంతు 1000. కట్టాల్సింది 500.

ఇక్కడ కోడ్‌లు తప్పేది ఎక్కడంటే, "ఈ సైకిల్‌లో కట్టిన ఇన్‌వాయిస్" అని వెతికి మొదటి 600నే పట్టుకుని దాని మీద క్రెడిట్ 200 ఇస్తాయి, కస్టమర్ దగ్గర 800 తీసుకుంటాయి. మొదటి అడుగులో చెప్పిన కూడిక ఇక్కడ పట్టేస్తుంది. పది రోజులు 20 చొప్పున 200, పది రోజులు 50 చొప్పున 500, పది రోజులు 100 చొప్పున 1000, మొత్తం 1700 రావాలి. కస్టమర్ కట్టింది 600, 600, 500, అదీ 1700. తప్పు కోడ్‌లో 2000 వస్తుంది, మూడొందలు ఎక్కువ తీసుకున్నారని వెంటనే తెలిసిపోతుంది.

9. జీఎస్‌టీ, ఇన్‌వాయిస్ కాగితం

ఒకటో తారీఖున ఇచ్చిన ఇన్‌వాయిస్‌ని తెరిచి దిద్దకండి, అది ఇచ్చేసింది. తేడాకి కొత్త నంబరుతో కొత్త ఇన్‌వాయిస్ ఇవ్వండి, అందులో క్రెడిట్ లైన్, చార్జ్ లైన్ రెండూ చూపించి, మిగిలిన దాని మీద పన్ను వేయండి. అప్‌గ్రేడ్‌లో తేడా ఎప్పుడూ ప్లస్సే కాబట్టి ఇది సులువు. కిందకి దిగేటప్పుడు తేడా మైనస్ అవుతుంది, అప్పుడు క్రెడిట్ నోట్ మాట వస్తుంది, దాన్ని ఎలా ఇవ్వాలో మీ అకౌంటెంట్‌తో కూర్చుని ఒకసారి ఖాయం చేసుకోండి.

పైన 685.87 అని రాశాను కదా, అదే లెక్క గుంటూరు కస్టమర్‌కి 685.88 వస్తుంది. మాది హైదరాబాద్, వరంగల్ అదే రాష్ట్రం, అందుకని పన్ను 9 శాతం, 9 శాతంగా రెండు ముక్కలవుతుంది. 581.25 మీద 9 శాతం 52.3125, రౌండ్ చేస్తే 52.31, రెండు కలిపితే 104.62. గుంటూరు వేరే రాష్ట్రం, ఒకే ముక్కగా 18 శాతం 104.625, రౌండ్ చేస్తే 104.63. రెండూ సరైనవే. ముందు మొత్తం పన్ను లెక్కేసి తర్వాత సగం చేయబోతే 104.63కి సగం ఎలా రాయాలో తెలియక కూర్చోవాల్సి వస్తుంది, ముక్కల్నే మొదట లెక్కేసి కూడండి.

ప్లాన్‌తో పాటు ఎస్ఎంఎస్‌లు, స్టోరేజ్ లాంటివి కొంత కోటా ఇస్తుంటే దాన్ని కూడా రోజుల ప్రకారం కోయాలా అని అడుగుతారు. నేను కోయను, పెద్ద ప్లాన్ కోటా మొత్తం ఇచ్చి అందులోంచి అప్పటికే వాడింది తీసేస్తాను. రోజుల ప్రకారం కోస్తే వచ్చే 1333 లాంటి వింత అంకెని కస్టమర్‌కి వివరించడం కన్నా అది నయం.

10. లైవ్‌లో పెట్టే ముందు

స్ట్రైప్‌లో టెస్ట్ క్లాక్ అని ఉంటుంది, టెస్ట్ కస్టమర్ కాలాన్ని మీరే ముందుకి జరపొచ్చు. సొంత సిస్టమ్ అయితే "ఇప్పుడు" అన్న విలువని బయటి నుంచి ఇచ్చేలా కోడ్ రాసుకోండి. సైకిల్ మొదలైన క్షణంలో మారడం, ఆఖరి నిమిషంలో మారడం, ఒకే సైకిల్‌లో రెండుసార్లు మారడం, సగం ధర కూపన్‌తో మారడం, కార్డు ఫెయిల్ అయ్యాక కిందకి దిగడం, ఈ అయిదూ చాలు. మొదటి దాంట్లో క్రెడిట్ సరిగ్గా కట్టినంతే రావాలి, ఆఖరి నిమిషంలో మారినదాంట్లో తేడా కొన్ని పైసలే ఉండాలి. అలాంటప్పుడు ఇంకో సంగతి బయటపడుతుంది: ఒక రూపాయి కన్నా తక్కువ మొత్తాన్ని చాలా గేట్‌వేలు తీసుకోవు. మేము అలాంటి పైసల్ని వదిలేస్తున్నాం, అప్‌గ్రేడ్ ఉచితంగా జరుగుతుంది, కాసేపటికే కొత్త సైకిల్‌లో పూర్తి ధర ఎలాగూ పడుతుంది.

ఆరోది ఒకటి నేను తర్వాత కలిపాను. జనవరి 31న ఒక టెస్ట్ కస్టమర్‌ని చేర్చి, ఫిబ్రవరి 14న పెద్ద ప్లాన్‌కి మార్చి, క్లాక్‌ని ఏప్రిల్ దాకా జరిపి, ప్రతి బిల్లు తారీఖునీ అంకెనీ కాగితం మీద రాసుకుని చేతి లెక్కతో పోల్చి చూస్తాను. మార్చి బిల్లు 31న పడిందో లేదో అక్కడ కనిపిస్తుంది, పడకపోతే మూడో అడుగుకి వెనక్కి వెళ్లండి.